సున్న మీద సున్న పడకపోతే: స్టెప్పర్ మోటారు తప్పిన స్టెప్పులను పట్టుకునే పద్ధతి

కడియం నర్సరీలకు మొక్కల పేరు పలకలు చెక్కి ఇవ్వడం మా షెడ్డులో సగం పని. రెండు రంగుల ప్లాస్టిక్ షీటు మీద సీఎన్‌సీ రౌటరుతో అక్షరాన్ని రెండు లోతుల్లో చెక్కుతాం. మొదటి దఫా పై పొర తీస్తుంది, రెండో దఫా అదే గాడిలో నడిచి అడుగు శుభ్రం చేస్తుంది. ఆగస్టులో గోదావరికి వరద వచ్చి పది రోజులు షెడ్డు మూసి ఉంచాం. తెరిచిన రోజు చెక్కిన మొదటి పలక "మందారం". ఆ మాటలో రెండు సున్నలున్నాయి. మొదటి సున్నలో రెండు దఫాలకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంది. చివరి సున్న మాత్రం సున్నలా లేదు, ఒకదాని మీద ఒకటి పక్కకు జరిగిన రెండు ఉంగరాల్లా ఉంది. పలక చూసిన నర్సరీ యజమాని "అక్షరం రెండుగా కనిపిస్తోందండీ" అన్నారు. నిజంగానే రెండుగా ఉంది.

ఇలాంటప్పుడు ఎక్కువ మంది చేసేది వేగం తగ్గించడం, లేదా మైక్రోస్టెప్పింగ్ పెంచడం, అంటే మోటారు ఒక్కో స్టెప్పును ఇంకా చిన్న ముక్కలుగా విభజించడం. ఈ రెండూ కొన్నిసార్లు జబ్బును పెంచుతాయి. ముందు చేయవలసింది కొలవడం. ఎంత తప్పిందో ఆ కొలతలోనే ఎందుకు తప్పిందో చాలావరకు రాసి ఉంటుంది. ఆ రాతను చదివే పద్ధతిని మా ఎక్స్ అక్షం మీద జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అక్షం వివరాలు ఇవి: నెమా 23 మోటారు, పట్టు 1.26 న్యూటన్-మీటర్లు, ఫేజుకు 2.8 ఆంపియర్లు, ఇండక్టెన్స్ 2.5 మిల్లీహెన్రీలు. 16 మిల్లీమీటర్ల బాల్ స్క్రూ, ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్ల నడక. స్విచ్చులతో అమర్చుకునే విడి డ్రైవరు, దానికి 24 వోల్టుల సప్లై. పల్సులు ఇచ్చేది ఆర్డుయినో ఊనో బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము. మైక్రోస్టెప్పింగ్ 16 మీద, ఖాళీ నడక వేగం నిమిషానికి 3000 మిల్లీమీటర్ల మీద ఉండేవి.

1. కొలవడానికి ముందు: స్టెప్పు ఎలా తప్పుతుంది

1.8 డిగ్రీల మోటారులో చుట్టుకు 200 పూర్తి స్టెప్పులు, రోటారుకు 50 పళ్లు. డ్రైవరు కాయిళ్లలో కరెంటును తిప్పుతూ ఒక అయస్కాంత గుంటను ముందుకు జరుపుతుంటే, రోటారు ఆ గుంటలో గోళీలా వెంట నడుస్తుంది. బరువు పడితే గోళీ గుంట అంచు వైపు కాస్త ఎక్కుతుంది. ఒక పూర్తి స్టెప్పు వెనకబడినప్పుడు పట్టు గరిష్ఠంగా ఉంటుంది. రెండు స్టెప్పులు వెనకబడితే పట్టు సున్నా. అది దాటితే గోళీ పక్క గుంటలో పడుతుంది. ఆ పక్క గుంట ఉండేది సరిగ్గా నాలుగు పూర్తి స్టెప్పుల దూరంలో.

కాబట్టి మోటారు పట్టు తప్పితే ఒక స్టెప్పో, మూడో నష్టపోవడం ఉండదు. నాలుగో, ఎనిమిదో, పన్నెండో, ఇలా నాలుగు గుణిజాల్లోనే పోతుంది. 5 మిల్లీమీటర్ల స్క్రూ మీద నాలుగు పూర్తి స్టెప్పులంటే 0.1 మిల్లీమీటరు. 8 మిల్లీమీటర్ల నడక ఉన్న స్క్రూ అయితే 0.16. ప్రింటర్లలో వాడే 20 పళ్ల పుల్లీ, 2 మిల్లీమీటర్ల బెల్టు అయితే 0.8.

తప్పిన దూరం ఈ అంకెకు గుణిజమైతే మోటారు పట్టు తప్పింది. కాకపోతే తప్పు మరొక చోట ఉంది, లేదా రెండు తప్పులు కలిశాయి. బెల్టు పన్ను దాటితే తేడా 2 మిల్లీమీటర్ల లెక్కలో వస్తుంది. మోటారును స్క్రూతో కలిపే కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ జారితే ఏ లెక్కకూ లొంగని అంకె వస్తుంది.

2. డయల్ గేజ్ పెట్టడం

0.01 మిల్లీమీటరు చూపే డయల్ గేజ్ చాలు. దాని మాగ్నెట్ స్టాండును కదలని చట్రం మీద, మొనను కదిలే బల్ల అంచు మీద పెట్టండి. ఎక్స్ సున్నాకు ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావాలి. లేకపోతే నట్టులోని ప్లే కొలతలో కలిసిపోతుంది. మోటారు షాఫ్టు మీదా కప్లింగ్ మీదా, కప్లింగ్ మీదా స్క్రూ మీదా కలిపి మార్కరుతో ఒక నిలువు గీత గీయండి. పరీక్ష అయ్యాక ఆ గీత విరిగి కనిపిస్తే గ్రబ్ స్క్రూ జారినట్టే, మిగతా పరీక్షలు దాన్ని బిగించాకే.

జీఆర్‌బీఎల్‌లో `$1=255` చేయండి. అప్పుడు పని మధ్యలో మోటారుకు కరెంటు ఆగదు. కరెంటు ఆగితే రోటారు తనకు నచ్చిన దగ్గరి పన్ను మీదకు జరిగి కూర్చుంటుంది. తర్వాత కొలిచేదంతా అబద్ధమవుతుంది.

గేజ్ సున్నా చేసి "మందారం" పలకను గాలిలో నడిపించాను, కట్టరు షీటుకు తగలకుండా. చివరకు ఎక్స్ సున్నాకు వచ్చినప్పుడు గేజ్ 1.79 చూపింది. గీతలు విరగలేదు. 1.79 అనేది 0.1కి గుణిజం కాదు. కొలతలో ఒక వందో వంతు అటూ ఇటూ పోయిందని సర్దుకోవచ్చు, కానీ నేను రెండోసారి కొలిచినా చివరి అంకె 9 దగ్గరే ఉంది. అందుకే రెండు తప్పులు కలిశాయని అనుమానించి వాటిని విడదీశాను.

3. నెమ్మదిగా నూరుసార్లు: మలుపు పరీక్ష

వేగం, బరువు రెండూ లేకుండా కేవలం దిశ మారడం మీద పెట్టే పరీక్ష ఇది. ఈ వరుసలను రాసి పంపండి:

```
G21 G90 G1 F100
X5
X0
```

మొదటి వరుస ఒక్కసారి చాలు, కింది రెండూ నూరుసార్లు. ఇంత నెమ్మదిలో పట్టు తప్పడానికి కారణమే లేదు. అయినా మా గేజ్ 0.31 చూపింది. వంద రాకపోకలకు 0.31 అంటే ఒక్కొక్క దానికి 0.0031. మైక్రోస్టెప్పింగ్ 16 మీద మిల్లీమీటరుకు 640 మైక్రోస్టెప్పులు, అంటే ఒక్కొక్కటి 0.00156. మనకు వచ్చిన తేడా దానికి సరిగ్గా రెట్టింపు. ప్రతి రాకపోకకు రెండు మైక్రోస్టెప్పులు పోతున్నాయి.

కారణం ఇది. డ్రైవరు దిశ సిగ్నలును పల్సు కంటే కొన్ని మైక్రోసెకన్ల ముందే చూడాలి. మా రకం డ్రైవర్లకు 5 మైక్రోసెకన్లు కావాలి. జీఆర్‌బీఎల్ దిశ మార్చిన వెంటనే పల్సు మొదలుపెడుతుంది. పల్సు మొదటి అంచునే డ్రైవరు లెక్కించేలా వైరింగ్ ఉంటే, దిశ ఇంకా అందకముందే స్టెప్పు పడిపోతుంది, పాత దిశలో. వెనక్కు ఒకటి వెళ్లవలసింది ముందుకు ఒకటి వెళితే తేడా రెండు. అటు మలుపులోనూ ఇటు మలుపులోనూ ఒకేలా తప్పితే చెల్లుకు చెల్లు అయ్యేది. కానీ డ్రైవరు లోపలి ఆప్టోకప్లరు వెలగడానికి పట్టే సమయం, ఆరడానికి పట్టే సమయం ఒకటి కావు. అందుకని ఒకవైపు మలుపు మాత్రమే తప్పుతుంది, తేడా ఒకే దిక్కున పేరుకుంటుంది.

మందు ఒక్క వరుస:

```
$2=1
```

ఇది ఎక్స్ పల్సును తలకిందులు చేస్తుంది. డ్రైవరు లెక్కించే అంచు పల్సు చివరకు మారుతుంది. పల్సు వెడల్పు `$0=10` ఉంటే దిశకు దాదాపు 10 మైక్రోసెకన్ల వ్యవధి దొరుకుతుంది. మూడు అక్షాలకూ కావాలంటే `$2=7`. మీ వైరింగ్ మరో విధంగా ఉంటే ఇదే మార్పు మంచిని చెడు చేయవచ్చు కూడా. అందుకే మార్చాక అదే పరీక్ష మళ్లీ చేయండి. మాకు నూరు రాకపోకల తర్వాత ముల్లు సున్నా మీదే నిలిచింది.

ఇప్పుడు 1.79ని మళ్లీ చూడండి. "మందారం" రెండు దఫాల్లో ఎక్స్ దిశ మారి తిరిగి రావడం దాదాపు 30 సార్లు. 30ని 0.0031తో గుణిస్తే 0.09. మిగిలింది 1.70, అంటే 0.1కి పదిహేడు రెట్లు. లెక్క తేలింది: 0.09 దిశ సిగ్నలు తప్పు, 1.70 మోటారు పదిహేడు గుంటలు జారిన తప్పు. మన లిపికి ఈ మొదటి తప్పు మరీ ప్రమాదం. మన అక్షరాలు దాదాపు అన్నీ గుండ్రం, ఒక్కో అక్షరంలో ఎక్స్, వై రెండూ పలుమార్లు దిశ మార్చుకుంటాయి. తిన్నని గీతల బొమ్మలు చెక్కినంత కాలం ఈ తప్పు బయటపడదు.

4. ఖాళీ నడకలో ఎక్కడ జారుతోంది

పలకలో వేగం ఎక్కువగా ఉండేది అక్షరం నుంచి అక్షరానికి దూకే `G0` కదలికల్లో. వాటిని విడిగా పరీక్షించాలి. ఎక్స్ గరిష్ఠ వేగమైన `$110` విలువను 1500తో మొదలుపెట్టి 300 చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టులోనూ 200 మిల్లీమీటర్లు ఇరవైసార్లు పంపి రప్పించి గేజ్ చూడండి. మాది 2400 వరకు నిలిచింది. 2700 దగ్గర 0.4 పోయింది. 3000 దగ్గర ఒకసారి పూర్తిగా నిలబడి, మోటారు ఆగి ఊళ పెట్టింది.

దీనికి మూడు కారణాలు ఒకే చోట కలిశాయి.

మొదటిది వోల్టేజి. వేగం పెరిగేకొద్దీ కాయిల్లో కరెంటు అటూ ఇటూ మారడానికి దొరికే సమయం తగ్గుతుంది. కరెంటు పూర్తిగా నిండలేని వేగాన్ని ఉజ్జాయింపుగా ఇలా లెక్కిస్తాం:

```
rps = V / (2 × L × I × 200)
```

V వోల్టేజి, L ఇండక్టెన్స్, I ఫేజు కరెంటు. 24 వోల్టులకు 24 ÷ (2 × 0.0025 × 2.8 × 200) = సెకనుకు 8.6 చుట్లు, మా స్క్రూ మీద నిమిషానికి దాదాపు 2570 మిల్లీమీటర్లు. ఆ తర్వాత టార్క్ వేగంగా పడిపోతుంది, నిజానికి అంతకు ముందే తగ్గడం మొదలవుతుంది. 36 వోల్టులకు ఇదే లెక్క 3860 ఇస్తుంది. మా డ్రైవరు 50 వోల్టుల వరకు తట్టుకుంటుంది కాబట్టి సప్లై మార్చాను. మీరు మార్చే ముందు డ్రైవరు మీద రాసిన పరిమితి చూడండి. డ్రైవరుకు కరెంటు ఉండగా మోటారు వైర్లు ఊడదీయకండి, ఒక్కసారికే డ్రైవరు కాలిపోవచ్చు.

రెండోది రాపిడి. వరద రోజుల తేమకు స్క్రూ మీద పలుచని తుప్పు పట్టింది. పాత గ్రీజులో ప్లాస్టిక్ పొడి కలిసి పిండిలా గట్టిపడింది. దీన్ని కూడా కొలవవచ్చు. సప్లై ఆపి, ఆ తర్వాత మోటారు ప్లగ్గు తీసి, 25 మిల్లీమీటర్ల కప్లింగ్ చుట్టూ గేలపు దారం నాలుగు చుట్లు చుట్టి, చేపలు తూచే చిన్న స్ప్రింగు కాటాతో లాగాను. స్క్రూ తిరగడం మొదలైనప్పుడు కాటా 1.6 కిలోలు చూపింది. వ్యాసార్ధం 12.5 మిల్లీమీటర్లు కనుక అది 0.2 న్యూటన్-మీటర్లకు కాస్త తక్కువ. కిరోసిన్‌తో కడిగి, నట్టులోని పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాక 0.6 కిలోలకు దిగింది. ఇందులో కొంత మోటారు అయస్కాంతాలదే, అది ఎప్పుడూ ఉంటుంది. లాగేటప్పుడు ఒక చోట బిగిసి మరో చోట వదులైతే స్క్రూ వంగిందనో, రెండు చివర్ల బేరింగులు ఒకే వరసలో లేవనో అర్థం. గ్రీజు మార్చినా అది పోదు.

మూడోది పల్సులు. ఊనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు సుమారు 30,000 పల్సుల వరకు ఇవ్వగలదు. 3000 వేగమంటే సెకనుకు 50 మిల్లీమీటర్లు, దాన్ని 640తో గుణిస్తే 32,000. అంటే మేము అడుగుతున్నది ఆ బోర్డు సత్తాకు మించింది. పరిమితి దాటినప్పుడు పల్సుల మధ్య ఎడం సమంగా ఉండదు. మోటారుకు అది చేతితో కుదిపినట్టే. మైక్రోస్టెప్పింగ్ ఎక్కువైతే స్టెప్పులు తప్పుతాయన్న మాటకు అసలు అర్థం చాలాసార్లు ఇదే.

5. అనునాదం: నెమ్మది ఎప్పుడూ క్షేమం కాదు

గుంటలో గోళీ ఊగినట్టే రోటారు కూడా తన సొంత లయలో ఊగుతుంది. స్టెప్పులు ఆ లయకు సరిపడే వేగంతో పడితే ఊపు పెరుగుతూ పోతుంది. పూర్తి స్టెప్పు, అర స్టెప్పు మీద నడిపే యంత్రాల్లో ఆ ఊపే గుంట దాటించేస్తుంది. ఆ లయను ముందుగానే లెక్కించవచ్చు:

```
f = (1 / 2π) × √(50 × T / J)
```

T మోటారు పట్టు, J తిరిగే వాటన్నిటి జడత్వ భ్రామకం. మా అక్షంలో రోటారుది 0.00003, స్క్రూది 0.00002, కప్లింగ్‌ది 0.000005, ఆరు కిలోల బల్ల వాటా 0.000004 కిలోగ్రామ్-చదరపు మీటర్లు. అన్నీ కలిపి 0.000059. ఫలితం సెకనుకు దాదాపు 165 ఊపులు. సెకనుకు 165 పూర్తి స్టెప్పులంటే నిమిషానికి దాదాపు 250 మిల్లీమీటర్ల నడక. మైక్రోస్టెప్పింగ్ వాడినా అయస్కాంతాల సహజమైన కుదుపు ప్రతి పూర్తి స్టెప్పుకూ ఒకసారి ఉండనే ఉంటుంది. అందుకే 250 దగ్గర గరగర పూర్తిగా పోదు. రెండు కాయిళ్లలో కరెంటు సరిసమానంగా లేకపోతే దానికి రెట్టింపు, నాలుగు రెట్ల వేగాల్లోనూ, అంటే 500, 1000 దగ్గర కూడా మెల్లని ఊపు వస్తుంది.

లెక్క తోవ చూపుతుంది, తేల్చేది యంత్రమే. బల్ల మీద నీళ్లు నింపిన స్టీలు గ్లాసు పెట్టి, 100 నుంచి 1200 వరకు 50 చొప్పున వేగం పెంచుతూ నడపండి. మామూలు వేగాల్లో నీటి మీద ఒకటి రెండు అలలు కదిలి ఆగుతాయి. అనునాదం తగిలిన వేగంలో అంచు నుంచి మధ్యకు సన్నని వలయాలు ఏర్పడి అలాగే నిలుస్తాయి, మోటారు మీద పెట్టిన వేలు జివ్వుమంటుంది. మా యంత్రంలో వలయాలు 230 నుంచి 270 మధ్య గట్టిగా, 500 దగ్గర పలుచగా వచ్చాయి. ఆ వేగాలు రాసుకుని యంత్రం మీద అంటించాను.

తిన్నని గీతకైతే ఆ వేగాలను తప్పించుకుంటే సరిపోతుంది. గుండ్రని అక్షరానికి అలా కుదరదు. సున్న చుట్టూ తిరిగేటప్పుడు కట్టరు వేగం ఒకటే అయినా ఎక్స్ వేగం సున్నా నుంచి పూర్తి విలువకు పెరిగి మళ్లీ సున్నాకు దిగుతుంది. అంటే ప్రతి పావు చుట్టులో అది 250ని దాటి తీరాలి. ప్రశ్న దాటడం కాదు, అక్కడ ఎంతసేపు ఉంటుందన్నది.

మూడు మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న సున్నను 1200 వేగంతో చెక్కితే ఎక్స్ మోటారు 230–270 పట్టీని ఒక్కోసారి సుమారు 5 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. ఒక ఊపు పూర్తవడానికే 6 మిల్లీసెకన్లు కావాలి కనుక ఊపు పెరగడానికి వ్యవధే లేదు. అదే సున్నను "జాగ్రత్తగా" 260 వేగంతో చెక్కితే, సున్న పైభాగంలో ఒకసారి, కింది భాగంలో ఒకసారి, ఎక్స్ వేగం ఆ పట్టీలోనే దాదాపు 0.67 సెకన్లు నిలుస్తుంది. అది 110 ఊపులకు సరిపడే సమయం. చెవి పెట్టి వింటే తెలుస్తుంది: కట్టరు సున్న తలమీద, అడుగున నడిచేటప్పుడు ఎక్స్ మోటారు గుర్రుమంటుంది. పక్కలకు వచ్చేసరికి అది ఊరుకుని వై మోటారు అందుకుంటుంది. మా కుర్రాడు పలక చెడిందని భయపడి వేగాన్ని 250కి దించింది సరిగ్గా ఈ గోతిలోకే. నెమ్మదిగా చెక్కక తప్పని పని అయితే 180కి దించండి, లేదా 350కి పెంచండి.

ఇంకొక ఊపు ఉంది, దాన్ని దీనితో కలపకూడదు. నిమిషానికి 300 నుంచి 900 చుట్ల మధ్య, మా స్క్రూ మీద 1500 నుంచి 4500 మిల్లీమీటర్ల మధ్య, మోటారూ డ్రైవరూ కలిసి పుట్టించేది. దీని గుర్తు: స్థిరమైన వేగంలో ఒకటి రెండు సెకన్లు బాగా నడిచి, తర్వాత స్వరం వణికి, హఠాత్తుగా మోటారు నిలిచిపోతుంది. దీనికి మైక్రోస్టెప్పింగ్ మందు కాదు. ఊపును తానే అణిచే డిజిటల్ డ్రైవరు పెట్టాలి, లేదా మోటారు వెనక షాఫ్టుకు, ఉంటే, ఊపును మింగే డాంపరు తగిలించాలి.

6. మైక్రోస్టెప్పింగ్ ఎంత?

ఇప్పుడు ఎంపిక సులువు, ఎందుకంటే దేన్ని దేనితో తూచాలో చేతిలో ఉంది. మా స్క్రూకు లెక్క ఇలా ఉంటుంది:

| విభజన | మిల్లీమీటరుకు పల్సులు | 30,000 పల్సులకు గరిష్ఠ వేగం (మి.మీ./నిమిషం) | ఒక మైక్రోస్టెప్పు వెనకబాటుకు వచ్చే టార్క్ |
|---|---|---|---|
| 4 | 160 | 11,250 | పట్టులో 38 శాతం |
| 8 | 320 | 5,625 | 20 శాతం |
| 16 | 640 | 2,812 | 10 శాతం |
| 32 | 1,280 | 1,406 | 5 శాతం |

చివరి గడిని చాలామంది తప్పుగా చదువుతారు. మైక్రోస్టెప్పింగ్ 16 పెడితే మోటారు పట్టు పదో వంతుకు పడిపోతుందని కాదు, మొత్తం పట్టు అలాగే ఉంటుంది. డ్రైవరు ఒక మైక్రోస్టెప్పు ముందుకు జరిపినప్పుడు రోటారు మీద పెరిగే తోపుడు పట్టులో 10 శాతం మాత్రమే అని దాని అర్థం. స్క్రూ రాపిడి అంతకంటే ఎక్కువైతే రోటారు కదలదు, రెండో మూడో మైక్రోస్టెప్పులు పేరుకున్నాక ఒక్కసారి జరుగుతుంది. కడగక ముందు మా స్క్రూ రాపిడి 0.2, అంటే 1.26లో 16 శాతం. కాబట్టి 16 విభజనలో రాసి ఉన్న 0.0016 మిల్లీమీటర్ల సూక్ష్మత కాగితం మీదే ఉండేది. కడిగాక రాపిడి 6 శాతానికి దిగింది. అప్పుడు 8 విభజనలోని ప్రతి మైక్రోస్టెప్పు నిజంగా పడుతుంది. అది 0.003 మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ పలకకు అక్కర్లేనంత సన్నం.

కనుక విభజన పెంచడం వల్ల వచ్చే అసలు లాభం ఖచ్చితత్వం కాదు, మెత్తని నడక. పూర్తి స్టెప్పు నుంచి 4కు వెళితే గరగరలో పెద్ద తేడా, 4 నుంచి 8కి గుర్తించదగిన తేడా. 8 నుంచి 16కు మా గ్లాసులో వలయాలు దాదాపు ఒకేలా ఉన్నాయి, కానీ పల్సుల ఖర్చు రెట్టింపు. అందుకే 8 ఎంచుకున్నాను. డ్రైవరు స్విచ్చు మార్చాక జీఆర్‌బీఎల్‌లో మిల్లీమీటరుకు పల్సులు, గరిష్ఠ వేగం, త్వరణం విలువలు కూడా సరిచేయాలి:

```
$100=320
$110=3000
$120=200
```

స్విచ్చు మార్చేది సప్లై ఆపాకే, చాలా డ్రైవర్లు ఆ స్విచ్చులను మొదలైనప్పుడు ఒకసారే చదువుతాయి. తర్వాత 100 మిల్లీమీటర్లు పంపి స్కేలుతో ఒకసారి సరిచూడండి. విభజన మార్చి `$100` మరిచిపోతే బొమ్మ సరిగ్గా సగమో రెట్టింపో అవుతుంది, అది వెంటనే కనిపిస్తుంది కాబట్టి భయం లేదు.

బెల్టు ప్రింటరుకు ఇదే తూకం వేరే జవాబు ఇస్తుంది. చుట్టుకు 40 మిల్లీమీటర్లు నడిచే బెల్టు మీద 16 విభజనలో మిల్లీమీటరుకు 80 పల్సులే. సెకనుకు 150 మిల్లీమీటర్లు పరుగెత్తినా 12,000 పల్సులు. అక్కడ 16 హాయిగా పెట్టవచ్చు, 8 పెడితే గోడల మీద సన్నని అలలు కనబడవచ్చు. 16 పల్సులు తీసుకుని లోపల 256గా తానే నింపుకునే డ్రైవరు చిప్ ఉంటే ఇంకా మంచిది, బోర్డు మీద భారం పెరగకుండా నడక మెత్తబడుతుంది. అయితే అలాంటి చిప్‌లలోని నిశ్శబ్ద పద్ధతి వేగంలో హఠాత్తుగా బరువు పడితే పట్టు వదలవచ్చు. రౌటరు అక్షానికి ఆ పద్ధతి నేను వాడను.

7. మళ్లీ కొలవడం

అన్నీ మార్చాక నాలుగో భాగంలోని వేగ పరీక్షను 100 చొప్పున పెంచుతూ మళ్లీ మొదటి నుంచి చేశాను. 36 వోల్టులు, శుభ్రమైన స్క్రూ, 8 విభజన. ఈసారి 4300 దగ్గర పట్టు తప్పింది, గేజ్ మీద 2.60, మళ్లీ 0.1కి గుణిజమే. ఆ వేగంలో పల్సులు 23,000కు లోపే కాబట్టి తప్పింది బోర్డు కాదు, మోటారే. తప్పిన వేగంలో 70 శాతాన్ని పని వేగంగా పెట్టుకుంటాను, అది 3000. ఆ మిగిలిన 30 శాతం మే నెల ఎండకు వేడెక్కిన మోటారుకు, నెలాఖరుకు పొడి పట్టిన గ్రీజుకు, పక్క షెడ్డులో రంపం మొదలైనప్పుడు కుంగే సప్లైకి. వీటిలో సప్లైని మీటరుతో చూడండి: మోటార్లు పరుగెత్తుతుండగా డ్రైవరు బిగింపుల దగ్గర వోల్టులు కొలిస్తే నిజం తెలుస్తుంది.

ఆపైన "మందారం" పలకను గాలిలో పదిసార్లు వరుసగా నడిపాను. గేజ్ ముల్లు 0.00 మీదికి వచ్చి ఆగింది. అప్పుడు షీటు బిగించి చెక్కాను. చివరి సున్నలో రెండో దఫా నడుస్తున్నప్పుడు కట్టరు నుంచి పొడి తప్ప పీచు రాలేదు, గాడి అంచును కొత్తగా కోయడం లేదన్నమాట. గోరు పెట్టి గాడి అంచు వెంట తిప్పితే ఎక్కడా మెట్టు తగల్లేదు.